మాఘంలో పెళ్ళి: ముహూర్తం, సెలవులు, హాలు మూడూ కుదిరే తేదీ ఎలా తీయాలి?

పెళ్ళికూతురి_అన్న
చెల్లెలి పెళ్ళి కుదిరింది. తనది శ్రవణం, మకర రాశి. అబ్బాయిది చిత్త రెండో పాదం, కన్యా రాశి. పెళ్ళి రాజమండ్రిలో. అబ్బాయి ఆన్‌సైట్ నుంచి జనవరి ఆఖరుకి గానీ రాడు, కాబట్టి శ్రావణం, కార్తీకం ముహూర్తాల గొడవే మాకు లేదు, 2027 ఫిబ్రవరే దిక్కు. పంచాంగం ముందు పెట్టుకుని కూర్చుంటే తల తిరుగుతోంది. హాలు వాళ్ళేమో ఫిబ్రవరిలో 21, 22, 25 మాత్రమే ఖాళీ అంటున్నారు. చుట్టాల్లో సగం మంది హైదరాబాదు, బెంగళూరులో ఉద్యోగాలు, వాళ్ళకి ఆదివారం 21 అయితే ప్రాణం లేచొస్తుంది. సిద్ధాంతి గారి దగ్గరకి వెళ్ళేలోపు మేమే రెండు మూడు తేదీలకి కుదించుకుని వెళ్దామని మా ఆలోచన. లేకపోతే ఆయన ఒకటే తేదీ చెప్పేస్తారు, ఆ రోజు హాలు ఉండదు, మళ్ళీ మొదటికొస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

చిత్తూరు_చిన్నోడు
ఫిబ్రవరి దాకా ఆగడం దేనికి? అబ్బాయి జనవరి ఆఖరుకి వస్తాడన్నారుగా. సంక్రాంతితో ధనుర్మాసం అయిపోతుంది, ఆ తర్వాత అన్నీ మంచి రోజులే. మా పిన్ని కూతురి పెళ్ళి సంక్రాంతి వెళ్ళిన రెండో వారంలోనే చేశాం, హాళ్ళు కూడా ఖాళీగా దొరికాయి.

సిద్ధాంతి_మనవడు
చిన్నోడు గారూ, మీరు చెప్పింది సగం నిజం. ధనుర్మాసం సూర్యుణ్ణి బట్టి వచ్చేది, అది సంక్రాంతితో పోతుంది. కానీ మన పంచాంగంలో నెలలు చంద్రుణ్ణి బట్టి. ఈసారి పుష్యం జనవరి 8న మొదలై ఫిబ్రవరి 6 అమావాస్య దాకా ఉంది. పుష్యం శూన్యమాసం కాబట్టి సంక్రాంతి అయిపోయినా మన వైపు పెళ్ళి పెట్టరు. మీది తమిళనాడు సరిహద్దు, అక్కడ సౌరమానం, తై నెల పుట్టగానే ముహూర్తాలు మొదలవుతాయి. మీ పిన్నిగారింట్లో ఆ లెక్కన చేసి ఉంటారు, అందులో తప్పేమీ లేదు, లెక్క వేరు అంతే.

అన్న గారూ, మీకు మాఘ శుద్ధ పాడ్యమి ఫిబ్రవరి 7. అక్కడి నుంచి మార్చి 8 దాకా మాఘం. గురు మూఢం ఆషాఢంతో పాటే పోతుంది, శుక్ర మూఢం అక్టోబరు ద్వితీయార్ధంలో వచ్చి వెళ్ళిపోతుంది. కాబట్టి మాఘమంతా మూఢాల బెడద లేదు. పోయిన మాఘం గుర్తుందిగా, నవంబరు ఆఖర్లో మొదలైన శుక్ర మూఢం ఫిబ్రవరి మధ్య దాకా సాగి అందరినీ ఏడిపించింది. నెల వడపోత మీకు అయిపోయినట్టే, ఇక చూడాల్సింది రోజులు.

రేవతి_నక్షత్రం
ఫిబ్రవరి 11 గురువారం వదులుకున్నారా!! శ్రీపంచమి, రేవతి నక్షత్రం, అంతకంటే మంచి రోజు ఆ నెలలో ఉందా? ఇంకో హాలు చూసుకోండి గానీ ఆ రోజు వదలొద్దు.

పెళ్ళికూతురి_అన్న
11కి మా ఊళ్ళో నాలుగు హాళ్ళు అడిగాం అక్కా, అన్నీ నిండిపోయాయి. అమ్మ ఇంకా ఆ బాధలోనే ఉంది.

సిద్ధాంతి_మనవడు
అమ్మగారిని బాధపడొద్దని చెప్పండి. ఆ రోజు మంచిదే గానీ మీ అబ్బాయికి కుదరదు. చిత్త నుంచి రేవతి దాకా వేళ్ళ మీద లెక్కపెట్టండి, చిత్తని ఒకటిగా పెట్టుకుంటే రేవతి పద్నాలుగోది. తొమ్మిది తీసేస్తే అయిదు మిగులుతుంది, అది ప్రత్యక్తార. పెళ్ళికి రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది రావాలి. ఊరందరికీ మంచి రోజు కాబట్టి మనకీ మంచిదే అనుకుంటే ఇక్కడే దెబ్బ తింటాం. క్యాలెండర్లో ముహూర్తాల పట్టీ అందరికీ కలిపి వేసేది, అందులో మీ పిల్లల నక్షత్రాలు లేవు.

కొత్త_కోడలు
ఒక సందేహం. టైటిల్‌లో సెలవులు అన్నారు కదా, మరి వచ్చే చుట్టాల నక్షత్రాలకి కూడా తారాబలం చూడాలా? మా అత్తగారు తన నక్షత్రానికి పడట్లేదని ఒక తేదీ కొట్టేశారు మొన్న.

గోదారిగట్టు
అందరి నక్షత్రాలూ చూస్తూ పోతే ఇక పెళ్ళి జరిగినట్టే తల్లీ 😄 వధూవరులిద్దరికే. కన్యాదానం చేసే వాళ్ళకి కూడా చూస్తారు కొన్ని ఇళ్ళలో, పట్టింపు ఉంటే అక్కడితో ఆపండి. చుట్టాల దగ్గర చూడాల్సింది వాళ్ళ మేనేజరు సెలవిస్తాడా లేదా అని.

క్యాలెండర్_కృష్ణ
నేను చూసి చెప్తున్నాను, మా ఇంటి క్యాలెండర్లో ఇలా ఉంది. 21 ఆదివారం మఖ, 22 సోమవారం పుబ్బ, 23 మంగళవారం ఉత్తర, 25 గురువారం స్వాతి. పుబ్బ పెళ్ళికి పనికిరాదు కాబట్టి 22 కొట్టేయండి. మఖ పనికొస్తుంది, ఆదివారం, హాలు ఉంది. 21 ఖాయం చేసుకోండి. దీనికింత చర్చ ఎందుకో.

పెళ్ళికూతురి_అన్న
నేనూ అదే అనుకున్నాను. ఆదివారం సాయంత్రం ఏడింటికి పెళ్ళి పెట్టుకుంటే అందరూ రాత్రి రైలెక్కి సోమవారం ఆఫీసుకి వెళ్ళిపోవచ్చు.

సిద్ధాంతి_మనవడు
ఆగండి ఆగండి. క్యాలెండర్ గడిలో వేసేది ఆ రోజు సూర్యోదయానికి ఉన్న నక్షత్రం. దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఫలానా టైము వరకు అని ఉంటుంది చూడండి, అసలు విషయం అక్కడుంది. నక్షత్రానికి అర్ధరాత్రితో, ఆదివారంతో పని లేదు. ఆ వారంలో చంద్రుడు వేగంగా నడుస్తున్నాడు, ఒక్కో నక్షత్రం రోజు కూడా పూర్తిగా ఉండట్లేదు. అందుకే 21 ఆదివారం మఖ మధ్యాహ్నం రెండు లోపే అయిపోతుంది. మీరు సాయంత్రం ఏడింటికి పెడితే అది పుబ్బలో పెళ్ళి. క్యాలెండర్‌లో మఖ అని ఉన్నా సరే.

అలాగే 22 సోమవారం గడిలో పుబ్బ అని ఉన్నా అది మధ్యాహ్నం దరిదాపుల్లో పోతుంది. అక్కడి నుంచి మంగళవారం ఉదయం పది దాకా ఉత్తర. అంటే కృష్ణ గారు కొట్టేసిన సోమవారం రాత్రే మీ మూడు తేదీల్లో బలమైనది. పంచాంగానికీ పంచాంగానికీ టైములు కొంచెం తేడా వస్తాయి, దృక్ సిద్ధాంతం, పూర్వ పద్ధతి అని రెండు రకాల గణితం ఉంది కదా, అందుకని నేను నిమిషాలు చెప్పట్లేదు. సరిహద్దు దగ్గర ముహూర్తం పెట్టకపోతే ఈ తేడా మిమ్మల్ని బాధించదు.

క్యాలెండర్_కృష్ణ
సరే సాయంత్రం పుబ్బ అనుకుందాం. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి పెట్టుకోమనండి, మఖే కదా అప్పుడు.

సిద్ధాంతి_మనవడు
మఖే. కానీ అమ్మాయికి చూడండి. శ్రవణం నుంచి మఖ పదహారోది, తొమ్మిది తీస్తే ఏడు, నైధన తార. పైగా ఆ టైముకి చంద్రుడు సింహంలో ఉంటాడు, మకరానికి ఎనిమిదో రాశి. నైధన తార, అష్టమ చంద్రుడు రెండూ కలిసి ఒకే పిల్ల మీద పడుతుంటే మా తాతగారైతే ఆ కాగితం పక్కన పెట్టేసేవారు.

విజయ_బెంగళూరు
నైధన తారకి నువ్వులూ బంగారం దానం ఇస్తే దోషం పోతుంది అంటారు కదా. మా ఇంట్లో అలా చేశారు. ఆదివారం అనేది చిన్న విషయం కాదండీ, నాలాంటి వాళ్ళకి ప్రాజెక్టు రిలీజు మధ్యలో ఒక్క రోజు దొరకడమే గగనం.

సిద్ధాంతి_మనవడు
దానం ఉంది, కాదనను. విపత్తారకి బెల్లం, ప్రత్యక్తారకి ఉప్పు అని కూడా ఉన్నాయి. అది వేరే దారి లేనప్పుడు పట్టుకునేది. పక్కనే సోమవారం రాత్రి శుభ్రంగా ఉండగా చేతులారా నైధనం ఎంచుకుని దానం ఇవ్వడం నాకు నచ్చదు. శ్రవణం నుంచి ఉత్తర పద్దెనిమిదోది, పరమమిత్ర తార. చిత్త నుంచి ఇరవై ఆరోది, అంటే ఎనిమిది, మిత్ర తార. ఇద్దరికీ ఒకేసారి ఇంత బాగా రావడం అరుదు. ఒక్క షరతు, సోమవారం సాయంత్రం అయిదూ ఆరు దాటాలి. ఉత్తర మొదటి పాదం సింహంలో ఉంటుంది, అది దాటి చంద్రుడు కన్యలోకి వస్తేనే అమ్మాయికి అష్టమం వదులుతుంది.

గోదారిగట్టు
ఇది బాగా చెప్పారు. ఉత్తర అని చూసి మధ్యాహ్నం మూడింటికి పెట్టేసే వాళ్ళు ఉంటారు.

వెంకటరమణ_రిటైర్డ్
25 గురువారాన్ని అందరూ వదిలేస్తున్నారు, ఎందుకని? బహుళ పంచమి, ఉదయం ఎనిమిదిన్నర దాటాక స్వాతి. చంద్రుడు తులలో, అమ్మాయికి పదో ఇల్లు, అబ్బాయికి రెండో ఇల్లు. పగటి పూట పెళ్ళి, ముసలి వాళ్ళకి నిద్ర చెడదు. అబ్బాయికి సంపత్తార. అమ్మాయికి విపత్తార అవుతుంది నిజమే, కానీ శ్రవణం నుంచి స్వాతి ఇరవై ఒకటోది, అంటే మూడో ఆవృత్తి. మూడో ఆవృత్తిలో తారాదోషం ఉండదని మా గురువుగారు చెప్పేవారు.

సిద్ధాంతి_మనవడు
రమణ గారూ, ఆ మాట ఉంది, నేనూ విన్నాను. మొదటి ఆవృత్తిలో పూర్తిగా వదిలేయాలి, మూడోదానికి వచ్చేసరికి పలచబడుతుంది అంటారు. మా ఇంట్లో మాత్రం పెళ్ళికి ఆ సడలింపు వాడలేదు, ఉపనయనాలకీ ప్రయాణాలకీ వాడేవారు. ఇది సంప్రదాయాన్ని బట్టి పోయేది, వాళ్ళ సిద్ధాంతి గారిని అడగడమే. గురువారం పగలు నా లెక్కలో రెండోది, మొదటిది సోమవారం రాత్రి.

విజయ_బెంగళూరు
సెలవుల వైపు నుంచి చెప్తా. గురువారం అంటే బుధవారం బయల్దేరాలి, శుక్రవారం తిరుగు ప్రయాణం, మూడు సెలవులు. సోమవారం రాత్రి అంటే శని, ఆదివారాలు ప్రయాణానికే పోతాయి, పెళ్ళికూతుర్ని చేయడం లాంటివి కూడా చూడొచ్చు, సోమ, మంగళ రెండు సెలవులు చాలు. ఆదివారం కాదని ఏడ్చిన నేనే చెప్తున్నా, సోమవారం నయం. ఇంకో సంగతి, రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరు నుంచి. ఇదివరకు 120 ఉండేది. కాబట్టి తేదీ డిసెంబరు మూడో వారానికి ముందే అందరికీ చెప్పేయండి, శనివారం గోదావరి జిల్లాల రైళ్ళు తెరిచిన రోజే అయిపోతాయి.

పెళ్ళికూతురి_అన్న
మా పెదనాన్న మనవరాలికి ఇంటర్ పరీక్షలు ఉంటాయి, టైమ్ టేబుల్ ఇంకా రాలేదు. ఫిబ్రవరి ఆఖరు అంటే వాళ్ళు గొణుగుతున్నారు. అయినా నిన్న సిద్ధాంతి గారి దగ్గరకి 22 రాత్రి, 25 పగలు రెండూ రాసుకుని వెళ్ళాం. ఆయన కూడా 22నే పట్టుకున్నారు. కానీ లగ్నం రాత్రి 12.40, వృశ్చికం అన్నారు. నాన్న గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. సాయంత్రం ఎనిమిదింటికో పదింటికో పెట్టమని బతిమాలాం, కుదరదన్నారు. ఎందుకు కుదరదు?

సిద్ధాంతి_మనవడు
ఎనిమిదింటికి కన్యా లగ్నం వస్తుంది. చంద్రుడు లగ్నంలోనే పడతాడు, ఏడో ఇల్లు మీనంలో శని ఉన్నాడు. పెళ్ళి లగ్నానికి ఏడో ఇల్లు ఖాళీగా ఉండాలని చూస్తారు. పదింటికి తుల, ఏడు ఖాళీయే గానీ చంద్రుడు పన్నెండులో పడతాడు. వృశ్చికం పన్నెండు దగ్గర మొదలవుతుంది, ఏడో ఇల్లు ఖాళీ, ఎనిమిదో ఇల్లు ఖాళీ, చంద్రుడు పదకొండులో. ఆయన గట్టిగా పట్టుకున్నారంటే కారణం ఇదే. తుల పెట్టే వాళ్ళూ ఉంటారు, కానీ ఆయన చేత బలవంతంగా పెట్టించకండి.

మంటపం_మేనేజర్
నేను హాలు నడిపే మనిషిని, రాజమండ్రి కాదు, వేరే ఊరు. ఈ చర్చలో అసలు ప్రమాదం ఇప్పుడొచ్చింది, రాత్రి 12.40. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా సోమవారమే. మా రిజిస్టరులో మాత్రం పన్నెండు దాటితే 23. ఫోన్లో "పెళ్ళి ఎప్పుడండీ" అంటే కొందరు 23 అంటారు, మేము 23 పొద్దున్న నుంచి రాసుకుంటాం, తీరా చూస్తే 22 సాయంత్రం వేరే వాళ్ళ రిసెప్షను ఉంటుంది. ఇది నా కళ్ళ ముందే జరిగింది, రెండు కుటుంబాలూ ఒకే మెట్ల మీద నిలబడి గొడవ.

కాబట్టి తేదీ చెప్పకండి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కావాలో చెప్పండి. మీ లెక్కన 22 మధ్యాహ్నం నుంచి కావాలి, డెకరేషను వాళ్ళకి కనీసం నాలుగైదు గంటలు పడుతుంది. 12.40కి జీలకర్ర బెల్లం పెడితే, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనం, ఫొటోలు అయ్యేసరికి తెల్లారుజామున నాలుగు. తర్వాత అప్పగింతలు. చాలా హాళ్ళు పొద్దున్న ఆరింటికి ఖాళీ చేయమంటాయి. 23 మధ్యాహ్నం దాకా రాయించుకోండి, 23 మంగళవారం కాబట్టి ఆ రోజు పెళ్ళి బుకింగు ఉండే అవకాశం తక్కువ, పెద్దగా అదనం అడగరు. అడ్వాన్సు రసీదు మీదే రెండు టైములూ రాయించండి.

కొత్త_కోడలు
మా బావగారి పెళ్ళి శుభలేఖలో ఇలాంటిదే, అర్ధరాత్రి ముహూర్తం, తేదీ మాత్రం మర్నాటిది వేశారు. మా మేనమామ కుటుంబం మొత్తం మర్నాడు రాత్రి పట్టుచీరలు కట్టుకుని వచ్చారు, హాలుకి తాళం. ఇప్పటికీ మాట్లాడరు.

గోదారిగట్టు
అందుకే పాత శుభలేఖల్లో "సోమవారం రాత్రి 12.40 గం.లకు (తెల్లవారితే మంగళవారం)" అని వేసేవారు. ఆ బ్రాకెట్లో మాట తీసేయొద్దు, డిజైను పాడవుతుందని ఈ మధ్య ప్రింటరు తీసేస్తున్నాడు. ఇంగ్లీషు కార్డులో అయితే 22 సాయంత్రం నుంచి రమ్మని వేయండి, భోజనాలు రాత్రి ఏడున్నర నుంచి అని రాయండి. చుట్టం చూసేది భోజనాల టైమే.

చిత్తూరు_చిన్నోడు
సెలవు అప్లై చేసే వాళ్ళకి కూడా చెప్పండి, 22 సోమవారం, 23 మంగళవారం రెండూ పెట్టమని. మా ఆఫీసులో ఒకాయన ముహూర్తం 22 అని 22 ఒక్కరోజే పెట్టుకుంటే, పెళ్ళయ్యేసరికి తెల్లారి నాలుగు, తొమ్మిదింటికి మీటింగు.

వెంకటరమణ_రిటైర్డ్
అన్నీ బాగానే ఉన్నాయి. నేను మాత్రం గురువారం పగలే అంటాను. అర్ధరాత్రి పెళ్ళికి అమ్మమ్మలు, తాతయ్యలు కూర్చోలేరు, అక్షింతలు వేసేది వాళ్ళే కదా.

విజయ_బెంగళూరు
రమణ గారి మాటలో న్యాయం ఉంది. హాల్లో పెద్దవాళ్ళకి నాలుగు గదులు ఎక్కువ తీసుకోండి, పడుకుని పన్నెండింటికి లేస్తారు. గదుల సంఖ్య కూడా ఇప్పుడే అడగాలి.

పెళ్ళికూతురి_అన్న
హాలు వాళ్ళతో మాట్లాడాను. రసీదు మీద 22 మధ్యాహ్నం 12 నుంచి 23 మధ్యాహ్నం 12 దాకా రాశారు. మేనేజర్ గారూ, మీ మాట వినకపోతే 23 అనే రాయించుకుని వచ్చేవాణ్ణి, అక్కడి అబ్బాయి మొదట అదే రాశాడు. గదులు ఆరున్నాయి, ఆరూ తీసుకున్నాం. కృష్ణ గారూ, మీరు 22 కొట్టేయమన్నప్పుడు నేనూ కొట్టేశాను, కానీ మీరు గడులు వరసగా రాయబట్టే ఆ విషయం బయటికొచ్చింది.

ఇప్పుడు మిగిలింది పెళ్ళికొడుకు మేనమామ గారు. 12.40 అంటే ఇంగ్లీషు తేదీ ప్రకారం మంగళవారం, మంగళవారం తాళి కట్టడం ఏంటని ఆయన పట్టు.

సిద్ధాంతి_మనవడు
ఆయనకి పంచాంగమే చూపించండి. వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. పన్నెండు దాటగానే వారం మారిపోతే, ఆయన శనివారం ఉపవాసం శుక్రవారం అర్ధరాత్రి నుంచి మొదలెడుతున్నారా అని అడగండి, మర్యాదగా.

గోదారిగట్టు
మీరు అడగొద్దు, మగపెళ్ళి వారు కదా. మీ సిద్ధాంతి గారి చేత లగ్నపత్రిక రాయించేటప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టండి. "ఇందువాసరే" అని పైకి చదివి రాస్తారు, ఆ మాట ఆయన చెవినే పడుతుంది.

పెళ్ళికూతురి_అన్న
ఈ ఆదివారం రమ్మని ఫోను చేశాం. వస్తానన్నారు గానీ తన పంచాంగం కూడా తెచ్చుకుంటానన్నారు.

క్యాలెండర్_కృష్ణ
ఏ పంచాంగం తెస్తారో కనుక్కోండి ముందు, పూర్వ పద్ధతిదైతే పుబ్బ ఎంత వరకు అన్నది తేడా రావచ్చు.

సిద్ధాంతి_మనవడు
వచ్చినా 12.40కి ఇబ్బంది లేదు. మధ్యాహ్నం పోయే పుబ్బ ఏ పంచాంగంలోనూ అర్ధరాత్రి దాకా ఉండదు.